ప్రభుత్వం అప్పు చేసి పన్ను తగ్గిస్తే జనం ఖర్చు పెడతారా, దాచుకుంటారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పన్ను తగ్గితే చేతిలో డబ్బు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఇందులో వాదన ఏముంది?

పన్ను ఎందుకు తగ్గింది, ఆ లోటును ఎలా పూడుస్తున్నారు అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. ప్రభుత్వం తన ఖర్చులు ఏమీ తగ్గించుకోలేదు. జీతాలు, రోడ్లు, సైన్యం అన్నీ మునుపటిలాగే నడుస్తున్నాయి. పన్ను మాత్రం తగ్గించి, తక్కువపడిన మొత్తానికి బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. ఆ అప్పు ఎప్పుడో ఒకప్పుడు వడ్డీతో సహా తీర్చాలి. ప్రభుత్వ సంపాదనలో ముఖ్యమైనది పన్నులే కాబట్టి తీర్చేది ప్రధానంగా మళ్లీ పన్నులతోనే. అంటే ఈ రోజు మీకు అందింది కానుక కాదు, రేపటి పన్నుకు దొరికిన వాయిదా.

ఇది గ్రహించిన కుటుంబం ఏం చేస్తుంది? రేపు కట్టాల్సిన దానికోసం ఈ రోజు మిగిలిన డబ్బంతా పక్కన పెడుతుంది. ఒక్క పైసా కూడా అదనంగా ఖర్చు చేయదు. ఆర్థికశాస్త్రంలో దీన్ని రికార్డో సమానత్వం అంటారు. ప్రభుత్వం తన ఖర్చుకు డబ్బును పన్నుగా వసూలు చేసినా, అప్పుగా తెచ్చినా ప్రజల ఖర్చులో తేడా రాదు అన్నది దాని సారం.

అంతా మాటల్లోనే ఉంది. ఒక లెక్క వేసి చూపించండి.

ఏ కరెన్సీ అయినా సరే. ఒక ఇంటికి ఈ ఏడు ఆదాయం 10,000, వచ్చే ఏడూ 10,000. ఏటా పన్ను 2,000. మిగిలిన 8,000 ఏటా ఖర్చు పెడుతోంది, ఆ స్థాయి వారికి సరిపోయింది. వడ్డీ రేటు 5 శాతం.

ఇప్పుడు ప్రభుత్వం ఈ ఏడు పన్నును 1,000కి తగ్గించి, ఆ 1,000కి బాండు అమ్మింది. వచ్చే ఏడు 1,050 తిరిగి ఇవ్వాలి. కాబట్టి వచ్చే ఏడు ఈ ఇంటి పన్ను 2,000 కాదు, 3,050.

మిగిలిన 1,000ని ఖర్చు పెట్టేస్తే వచ్చే ఏడు వాళ్ల చేతికి వచ్చేది 6,950 మాత్రమే. ఒక ఏడు దర్జా, మరుసటి ఏడు కటకట. అలా వద్దనుకుంటే దారి సులువు. మిగిలిన 1,000తో ప్రభుత్వం అమ్మే ఆ బాండునే కొంటే చాలు. వచ్చే ఏడు అది 1,050 అవుతుంది, అదనపు పన్ను కూడా సరిగ్గా 1,050. రెండేళ్లూ 8,000 చొప్పున ఖర్చు. పన్ను కోత రాకముందు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు.

బాండు చేతిలో ఉంది కదా, అది ఆస్తి కాదా అంటారు కొందరు. ఆస్తే, కాకపోతే దాని పక్కనే కంటికి కనిపించని అప్పు ఒకటి ఉంది. రేపటి పన్ను విలువను ఈ రోజు లెక్కలో చెబితే అదీ 1,000. రెండూ కొట్టుకుపోతాయి.

అందరూ దాచుకుంటే వడ్డీ రేట్లు ఏమవుతాయి?

ఈ లెక్క నిజమైతే ఏమీ కావు. ప్రభుత్వం 1,000 అప్పు అడిగిన రోజే జనం 1,000 ఎక్కువ ఆదా చేశారు. అడిగేవాడికి సరిపడా ఇచ్చేవాడు ఉన్నాడు. లోటు వల్ల వడ్డీలు పెరిగి, ప్రైవేటు పెట్టుబడులకు డబ్బు దొరకదన్న మామూలు భయానికి ఇక్కడ చోటు లేదు. పన్ను కోతతో గిరాకీ పెరుగుతుందన్న ఆశకూ లేదు. ఈ సిద్ధాంతాన్ని ఇష్టపడేవాళ్లు చాలాసార్లు సగమే తీసుకుంటారు. లోటుతో హాని లేదంటారు గానీ, లాభమూ లేదన్న మిగతా సగాన్ని పలకరు.

ఇది రికార్డో చెప్పిందేనా?

లెక్క ఆయనదే, నమ్మకం మాత్రం ఆయనది కాదు. ఆంగ్ల ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1820లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అనుబంధానికి ప్రభుత్వ రుణాల గురించి ఒక వ్యాసం రాశాడు. యుద్ధానికి 2 కోట్ల పౌండ్లు కావాలనుకుందాం అంటాడు. ఆ మొత్తాన్ని ఒకేసారి పన్నుగా వేయవచ్చు, లేదా 5 శాతానికి అప్పు తెచ్చి ఏటా 10 లక్షల పౌండ్ల వడ్డీని ఎప్పటికీ కడుతూ పోవచ్చు. లెక్క ప్రకారం రెండూ ఒకటే.

వెంటనే ఆయనే, జనం అలా చూడరు అంటాడు. 20,000 పౌండ్ల ఆస్తి ఉన్న మనిషికి, ఏటా 50 పౌండ్లు శాశ్వతంగా కట్టడమూ, ఒకేసారి 1,000 పౌండ్లు కట్టడమూ సమానమైన భారమని నచ్చజెప్పడం కష్టం అని రాశాడు. ఏటా కట్టే చిన్న మొత్తాన్నే భారం అనుకుంటారు, వెనకున్న అసలు కంటికి ఆనదు.

ఈ వాదనకు ఇప్పుడున్న రూపం ఇచ్చింది అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ బారో, 1974లో రాసిన ఒక వ్యాసంలో. విచిత్రం ఏమిటంటే ఆ వ్యాసంలో రికార్డో ప్రస్తావన లేదు. ఆ పోలికను 1976లో జేమ్స్ బుకానన్ ఎత్తిచూపాడు, పేరు అలా స్థిరపడింది. తాను నమ్మని దానికి రికార్డో పేరు ఇలా అతుక్కుపోయింది.

తర్వాత ప్రభుత్వం పన్ను పెంచకుండా ఖర్చులే తగ్గిస్తే?

అది వేరే ప్రశ్న, చాలామంది ఇక్కడే తడబడతారు. ప్రభుత్వ ఖర్చు మారదు, పన్ను ఎప్పుడు వసూలు చేస్తారన్నది మాత్రమే మారుతుంది అన్న షరతు మీద ఈ సమానత్వం నిలబడింది. పన్ను కోత చూసి "ఇక ముందు ప్రభుత్వ ఖర్చులు కూడా తగ్గుతాయి" అని జనం నమ్మితే, జీవితకాలంలో వాళ్లు కట్టబోయే పన్ను నిజంగానే తగ్గినట్టు. అప్పుడు ఖర్చు పెట్టడం తెలివైన పనే. రికార్డో లెక్క ప్రకారం కూడా అంతే. అందువల్ల పన్ను కోత తర్వాత ఖర్చు పెరిగిందన్న ఒక్క కారణంతో సిద్ధాంతం తప్పని తేల్చకూడదు.

ఆ పన్ను కట్టే నాటికి నేను ఉండను. నేనెందుకు దాచాలి?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. బారో జవాబు: మీరు ఉండకపోయినా మీ పిల్లలు ఉంటారు. వాళ్ల బాగు మీకు పట్టినట్టయితే, వాళ్ల నెత్తిన పడబోయే పన్నుకు సరిపడా ఆస్తిని అదనంగా వదిలి వెళతారు. మీ పిల్లలు వాళ్ల పిల్లల కోసం అలాగే చేస్తారు. గొలుసు తెగనంతవరకు కుటుంబం ఎప్పటికీ బతికి ఉన్న ఒక్క మనిషిలా లెక్క వేస్తుంది.

ఈ గొలుసు చాలాచోట్ల తెగుతుంది. పిల్లలు లేనివాళ్లు ఉన్నారు. పిల్లలున్నా తమకంటే వాళ్లు బాగా సంపాదిస్తారని తెలిసి, ఏమీ వదలనివాళ్లు ఉన్నారు. అసలు వీలుంటే పిల్లల రేపటి సంపాదనలోంచి కొంత ఈ రోజే తీసుకోవాలని ఉన్నా, తల్లిదండ్రులు పిల్లల పేరున అప్పు చేయలేరు. ప్రభుత్వం ఆ పని చేసిపెడుతుంది. అలాంటివాళ్లు పన్ను కోతను సంతోషంగా ఖర్చు పెట్టుకుంటారు. వలస వచ్చేవాళ్లూ ఉన్నారు. రేపు ఆ అప్పు తీర్చే పన్నులో ఐదో వంతు ఈనాటి కుటుంబాలకు సంబంధం లేని కొత్తవాళ్లు కడతారనుకుంటే, ఈనాటి కుటుంబాల మీద పడే భారం 1,000 కాదు, 800.

ఇంతవరకు చదివి, సిద్ధాంతం కూలిపోయిందని చాలామంది పుస్తకం మూసేస్తారు. ఇంకొక్క లెక్క వేశాక మూయండి.

పిల్లలు లేని, ఎవరికీ ఏమీ వదలదలచుకోని ఒక మనిషిని తీసుకుందాం. ఇంకా 30 ఏళ్లు బతుకుతాడు. ప్రభుత్వం అతనికి 1,000 పన్ను తగ్గించింది. అసలు ఎప్పటికీ తీర్చదు, 5 శాతం వడ్డీ మాత్రం ఏటా 50 చొప్పున అతని లాంటివాళ్ల దగ్గర వసూలు చేస్తుంది. 30 ఏళ్ల పాటు ఏటా కట్టే 50కి ఈనాటి విలువ సుమారు 769. అంటే అతనికి నిజంగా మిగిలింది 231. మిగతా భారం తర్వాతివాళ్లది.

ఆ 231ని ఈ ఏడే ఖర్చు పెట్టేస్తాడా? ఆదాయం పెరిగినప్పుడు దాన్ని బతుకు పొడవునా సర్దుకునే మనిషైతే 30 ఏళ్లకూ పంచుకుంటాడు. అలా పంచితే ఏటా 15 వస్తుంది. వెయ్యిలో పదిహేను!

చావు, పిల్లలు, వారసత్వం గురించి ఎంతో రాశారు, రాస్తూనే ఉన్నారు. దీర్ఘకాలంలో దేశ సంపద ఎంత తరుగుతుందో తెలుసుకోవడానికి ఆ చర్చ ముఖ్యమే. కానీ "ఈ ఏడు జనం ఎంత ఖర్చు పెడతారు" అన్నదే ప్రశ్న అయితే దాని వాటా చాలా చిన్నది. నా దృష్టిలో ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు ఇదే. విరిగే చోటు వేరే ఉంది.

మరి నిజంగా విరిగేది ఎక్కడ?

అప్పు పుట్టని ఇంట్లో.

రెండో ఇంటిని చూద్దాం. పన్ను పోగా ఈ ఏడు చేతికొచ్చేది 6,000. వచ్చే ఏడు పని కుదురుతుంది, 12,000 వస్తుంది. రెండేళ్లూ దాదాపు 9,000 చొప్పున ఖర్చు పెట్టుకోవాలని వాళ్లకు ఉంది. రేపటి సంపాదనను చూపించి ఈ రోజు 3,000 అప్పు తెచ్చుకుంటే సరిపోతుంది. కానీ ఏ బ్యాంకూ ఇవ్వదు. హామీ లేదు, దాచుకున్నదీ లేదు. కాబట్టి ఈ ఏడు 6,000తోనే గడుపుతున్నారు.

ఇప్పుడు అదే పన్ను కోత. ఈ ఏడు 1,000 తగ్గింది, వచ్చే ఏడు 1,050 ఎక్కువ కట్టాలి. ఈ ఇంటివాళ్లకు రేపటి పన్ను గురించి బాగా తెలుసు, లెక్కలో ఎక్కడా తప్పు చేయలేదు. అయినా ఆ 1,000 మొత్తం ఈ ఏడే ఖర్చు పెడతారు. ఈ ఏడు 7,000, వచ్చే ఏడు 10,950. మునుపటి కంటే ఇదే వాళ్లకు మేలు.

జరిగిందేమిటంటే, బ్యాంకు ఇవ్వని అప్పును ప్రభుత్వం ఇచ్చింది. అదీ తనకు దొరికే 5 శాతం వడ్డీకే. వసూలు బాధ్యత పన్నుల శాఖది. బ్యాంకుకు ఎగవేత భయం ఉంటుంది, పన్నుల శాఖకు చట్టం ఉంది. అందుకే బ్యాంకు వెనకాడిన చోట ప్రభుత్వం ఇవ్వగలిగింది.

ఇదే ఇంటికి బ్యాంకు 5 శాతానికే అప్పు ఇచ్చేదనుకోండి. పన్ను కోతకు ముందే 3,000 తెచ్చుకుని ఉండేవాళ్లు. కోత వచ్చాక బ్యాంకు దగ్గర 1,000 తక్కువ తెస్తారు, అంతే. ఖర్చు మారదు. అంటే మొదటి ఇంటికీ రెండో ఇంటికీ తేడా తెలివిలో లేదు, దూరదృష్టిలోనూ లేదు. ఎవరికి ఏ వడ్డీకి అప్పు పుడుతుందన్న దగ్గరే ఉంది.

వాళ్లకు క్రెడిట్ కార్డు ఉంటుంది కదా? అప్పు అసలే పుట్టదని ఎలా అంటారు?

మంచి ప్రశ్న, ఇందులో ఒక మెలిక ఉంది. కార్డు మీద వడ్డీ 24 శాతం అనుకుందాం. 1,000 పన్ను కోత రాగానే ఆ ఇంటివాళ్లు కార్డు బాకీ తీర్చేశారు. ఏడాదికి 240 వడ్డీ తప్పింది. ప్రభుత్వ అప్పు వల్ల పెరిగే పన్ను అసలు కాక 50. ఏడాదికి 190 లాభం. 24 శాతం అప్పు పోయి 5 శాతం అప్పు వచ్చినట్టు.

లెక్కల పుస్తకంలో బాకీ తీర్చడం కూడా ఆదా కిందికే వస్తుంది. కాబట్టి సర్వేలో ఈ ఇల్లు "ఖర్చు పెట్టలేదు, దాచింది" అని నమోదవుతుంది. చూసినవాళ్లు ఆహా, రికార్డో గెలిచాడు అంటారు. కానీ వీళ్లు బాకీ తీర్చింది రేపటి పన్ను కోసం కాదు. నెత్తి మీద ఉన్న అధిక వడ్డీ టెన్షన్ తగ్గించుకోవడానికి. నాలుగు నెలల తర్వాత ఆ కార్డునే మళ్లీ గీకితే ఆ "ఆదా" అక్కడితో అయిపోతుంది. దాచారా లేదా అని మాత్రమే అడిగితే చాలదు, ఎందుకు దాచారు, ఎన్నాళ్లు దాచారు అని కూడా అడగాలి.

ఇది పేదవాళ్లకే వర్తిస్తుందా?

కాదు. గ్రెగ్ కప్లాన్, జొవాన్నీ వియొలాంటే 2014లో చూపించినట్టు, సొంత ఇల్లు, పింఛను నిధి ఉండి కూడా చేతిలో నగదు ఆడని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆస్తి అంతా గోడల్లోనో, ముందే తీస్తే జరిమానా పడే ఖాతాలోనో ఇరుక్కుని ఉంటుంది. కాగితం మీద వాళ్లు మొదటి ఇల్లు, నెలాఖరున రెండో ఇల్లు. ఆస్తి చూసి వీళ్లు దాచుకుంటారని అంచనా వేస్తే తప్పవుతుంది. చూడాల్సింది అవసరానికి వెంటనే తీసుకోగల డబ్బు ఎంత అన్నదే.

అసలు మామూలు జనం ఇంత లెక్క వేస్తారా?

ఎక్కువమంది వేయరు. దేశం అప్పు ఎంతో, అందులో తన వాటా ఎంతో తెలిసినవాళ్లు అరుదు. అయితే దీన్ని పెద్ద అస్త్రంగా వాడేముందు కాస్త ఆగాలి. మొదటి ఇంటివాళ్లు ప్రభుత్వ అప్పు గురించి ఒక్క ముక్క ఆలోచించకపోయినా సరే, "ఇది ఒక్కసారి వచ్చిన డబ్బు, జీతం పెరగలేదు" అని గుర్తిస్తే చాలు, చాలావరకు దాచుకుంటారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో చెప్పిన శాశ్వత ఆదాయ సిద్ధాంతం ఇదే. కాబట్టి తాత్కాలిక పన్ను కోతను జనం దాచుకోవడానికి రికార్డో అక్కర్లేదు, మామూలు జాగ్రత్త చాలు. పన్ను కోత శాశ్వతమని ప్రకటించినప్పుడే ఈ రెండు వాదనలు విడిపోతాయి. అప్పుడు ఫ్రీడ్‌మన్ ప్రకారం ఖర్చు పెరగాలి, రికార్డో లెక్క ప్రకారం పెరగకూడదు.

ఇవన్నీ సరే, నిజంగా ఎప్పుడైనా పరీక్షకు వచ్చిందా?

వచ్చింది. నాకు బాగా నచ్చేది అమెరికాలో 1992లో జరిగిన చిన్న మార్పు. అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ ఆ ఏడు జీతాల్లోంచి ముందుగా కోసుకునే పన్నును తగ్గించమన్నారు. కట్టాల్సిన పన్ను ఒక్క డాలరు కూడా తగ్గలేదు. నెలనెలా కాస్త ఎక్కువ చేతికొస్తుంది, మరుసటి ఏడు రిటర్ను వేసేటప్పుడు వాపసు అంతమేర తగ్గుతుంది. ప్రభుత్వం ప్రజలకు కొన్ని నెలలు వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టు. ఇందులో తరతరాల గొడవ లేదు, ఖర్చులు తగ్గుతాయేమోనన్న అనుమానం లేదు. వాయిదా ఎంత అంటే అంత శుద్ధంగా ఉంది. ఎవరైనా రికార్డోలా ప్రవర్తించాలంటే ఇంతకన్నా సులువైన సందర్భం దొరకదు.

మాథ్యూ షపీరో, జోయెల్ స్లెమ్రాడ్ అప్పుడు సర్వే చేస్తే, ఆ డబ్బులో ఎక్కువ భాగం ఖర్చు పెడతామన్నవాళ్లు 43 శాతం. సున్నా రావాల్సిన చోట 43. అయితే మిగిలిన సగానికి పైగా జనం అలా అనలేదన్నదీ మర్చిపోకూడదు.

తర్వాత 2001లో అదే దేశంలో పన్ను వాపసు చెక్కులు పంపారు, ఒక్కొక్కరికి 300 డాలర్ల దాకా, దంపతులకు 600 దాకా. ఎవరికి ఏ వారంలో చెక్కు వెళ్లాలన్నది సోషల్ సెక్యూరిటీ అనే గుర్తింపు నంబరు చివరి రెండు అంకెలను బట్టి నిర్ణయించారు. ఆ అంకెలకూ మనిషి ఆదాయానికీ సంబంధం ఉండదు. అనుకోకుండా అది పరిశోధకులకు లాటరీ తీసిపెట్టినట్టయింది. ముందు అందినవాళ్ల ఖర్చును ఇంకా అందనివాళ్ల ఖర్చుతో పోల్చి చూస్తే చాలు. డేవిడ్ జాన్సన్, జొనాథన్ పార్కర్, నికొలస్ సొలెలెస్ అలాగే చూశారు. అందిన మూడు నెలల్లో తిండి, బట్టల్లాంటి త్వరగా వాడేసే వస్తువుల మీదే 20 నుంచి 40 శాతం ఖర్చయింది. తర్వాతి మూడు నెలలు కూడా కలిపితే దాదాపు మూడింట రెండు వంతులు. చేతిలో నగదు తక్కువగా ఉన్న ఇళ్లలో ఖర్చు ఇంకా ఎక్కువ. అంటే మన రెండో ఇల్లు.

వింత ఏమిటంటే, అదే 2001 చెక్కుల మీద షపీరో, స్లెమ్రాడ్ సర్వే చేస్తే, ఎక్కువ భాగం ఖర్చు పెడతామన్నవాళ్లు 22 శాతమే. ఈ రెండు ఫలితాలూ చక్కగా పొసగవు. బాకీ తీర్చుకుంటామని చెప్పి తర్వాత మళ్లీ వాడుకోవడం కొంత కారణం కావచ్చని నా అభిప్రాయం. ఏది తీసుకున్నా మొత్తం ఖర్చయిందనీ చెప్పలేం, మొత్తం దాచారనీ చెప్పలేం.

1980ల్లో అమెరికాలో లోటు పెరిగింది, జనం ఆదా మాత్రం తగ్గింది. దీంతో రికార్డో ఓడినట్టే కదా?

అలా అనడానికి మనసు లాగుతుంది. 1981లో రీగన్ పన్ను కోత వచ్చింది, లోటు భారీగా పెరిగింది. లెక్క ప్రకారం కుటుంబాల ఆదా కూడా అంతే పెరగాలి. దశాబ్దం సాగేకొద్దీ తగ్గుతూ వచ్చింది.

కానీ ఒక దేశపు లోటునూ ఆదానూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం ప్రమాదం. మాంద్యం వస్తే పన్ను వసూళ్లు పడిపోయి లోటు దానంతట అదే పెరుగుతుంది. ఉద్యోగాలు పోతాయన్న భయంతో జనం అదే సమయంలో ఎక్కువ దాస్తారు. రెండూ కలిసి పెరిగాయని రికార్డో గెలిచాడనుకుంటాం, నిజానికి రెండింటినీ నడిపింది మాంద్యం. మరోవైపు షేర్ల ధరలు పెరిగి జనం తాము ధనవంతులయ్యామనుకుంటే ఆదా తగ్గుతుంది, దానికీ పన్నుకూ సంబంధం ఉండకపోవచ్చు. అందుకే చివరి రెండు అంకెల చెక్కులు చెప్పిన కథకు, దేశం మొత్తం గణాంకాల కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

ఏ పన్ను తగ్గించారన్నది ముఖ్యమా?

చాలా ముఖ్యం. పైన వేసిన లెక్కలో పన్ను తలకు ఇంత అని ఉంది, మీరు ఏం చేసినా మారదు. నిజం పన్నులు అలా ఉండవు. బ్రిటన్‌లో 2008 డిసెంబరు 1 నుంచి 2009 చివరిదాకా వ్యాట్‌ను 17.5 శాతం నుంచి 15కి తగ్గించారు. ఇక్కడ రేపటి భారం ఎంతైనా సరే, వస్తువు ఈ ఏడు చవక, వచ్చే ఏడు ఖరీదు. ఎప్పుడో కొనాల్సిన పెద్ద వస్తువును ఇప్పుడే కొనేయడం లెక్క తెలిసినవాడి పని. సమానత్వం చెదిరింది, కానీ ధర మారినందువల్ల.

ఆదాయపు పన్నులో ఇంకో సంగతి ఉంది. ఈ రోజు 1,000 ఖాయంగా చేతికొచ్చింది. రేపటి పన్ను మాత్రం రేపటి సంపాదనను బట్టి ఉంటుంది. సంపాదన బాగుంటే ఎక్కువ కడతారు, దెబ్బతింటే తక్కువ. అంటే పన్ను కోతతో పాటు చిన్న బీమా కూడా దొరికినట్టు. కష్టకాలం కోసం దాచుకునే కుటుంబం ఆ మేరకు కొంచెం ధైర్యంగా ఖర్చు పెట్టగలదు.

అప్పును ఎప్పటికీ తీర్చకుండా తిప్పుకుంటూ పోతే?

వడ్డీ రేటు కంటే ఆర్థిక వ్యవస్థ పెరిగే వేగం ఎక్కువగా ఉన్నంతకాలం అది సాధ్యమే. పాత బాండ్లకు కొత్త బాండ్లతో చెల్లిస్తూ పోయినా, దేశ ఆదాయంతో పోల్చితే అప్పు కరుగుతూ వస్తుంది. ఒలివియే బ్లాంచార్డ్ 2019లో దీని మీద గట్టిగా వాదించాడు. అలాంటి పరిస్థితిలో "రేపు పన్ను తప్పదు" అన్న మొదటి వాక్యమే వదులవుతుంది. కాకపోతే వడ్డీ రేటు ఎల్లకాలం తక్కువగా ఉంటుందని ఎవరూ రాసివ్వరు, కాబట్టి జాగ్రత్తపరులు కొంత దాచుకుంటూనే ఉంటారు.

ఒక పన్ను కోత ప్రకటన వస్తే ఖర్చు ఎంత పెరుగుతుందో ఎలా అంచనా వేయాలి?

రెండు ఇళ్లనూ కలిపి చూడాలి. ఇంటికి 1,000 చొప్పున తగ్గించారు, వందలో 30 ఇళ్లు రెండో రకం అనుకుందాం. ఆ 30 ఇళ్లు మొత్తం ఖర్చు పెడతాయి. మిగిలిన 70 ఇళ్లు, వారసులకు ఏమీ వదలనివే అయినా, మనం చూసినట్టు తలా 15 ఖర్చు పెడతాయి. సగటున ఇంటికి 310. ఇందులో 300 రెండో ఇంటిదే. ఆ 30ని 40గా మార్చి చూడండి, జవాబు 409 అవుతుంది. 15ని 20గా మార్చితే 310 కాస్తా 314 అవుతుంది, అంతే. అందుకే అంచనా వేసేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ కోత చేతిలో నగదు లేని ఇళ్లకు చేరుతుందా అన్నది. పై ఆదాయాలవాళ్లకే చేరితే ఆ 30 కాస్తా 5 కూడా కాకపోవచ్చు.

ఇంకొకటి, తిరిగి వసూలు చేసే తేదీ. వచ్చే ఏడే వసూలు చేస్తే మొదటి రకం ఇళ్లలో ఏ ఏడూ మార్పు ఉండదు. రెండో రకం ఇళ్లు ఈ ఏడు సగటును 300 పెంచి, వచ్చే ఏడు 315 తగ్గిస్తాయి. ఈ ఏడు మార్కెట్లో కనిపించిన కళ వచ్చే ఏడు వడ్డీతో సహా వెనక్కి పోతుంది.